తలకు దెబ్బ, దారిలో రెండు గంటలు: రిఫరల్ లెటర్‌లో ఏం రాయాలి, ఎందుకు

బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషిని 108 వాహనం ముందుగా చేర్చేది దగ్గర్లో ఉన్న ఏరియా ఆస్పత్రికి. అక్కడ క్యాజువాలిటీ డాక్టర్ ఉంటారు, సర్జన్, మత్తు డాక్టర్ ఉండొచ్చు, కొన్నిచోట్ల సీటీ స్కాన్ కూడా ఉంటుంది. న్యూరోసర్జన్ మాత్రం ఉండరు. పుర్రె తెరిచి రక్తం గడ్డ తీయాలంటే విశాఖ, గుంటూరు, కర్నూలు, వరంగల్, హైదరాబాద్ లాంటి ఊళ్లలోని పెద్దాస్పత్రికి పంపాల్సిందే. పేషెంట్‌తో పాటు ఒక కాగితం వెళ్తుంది. చాలాసార్లు అందులో ఉండేది ఇంతే: "హెడ్ ఇంజురీ. ప్రథమ చికిత్స ఇవ్వబడినది. మెరుగైన వైద్యం కోసం రిఫర్ చేయడమైనది."

ఇందులో తప్పేమీ లేదు. కానీ అర్ధరాత్రి ఆ కాగితం అందుకున్న న్యూరోసర్జరీ డ్యూటీ డాక్టర్‌కి దానివల్ల ఉపయోగం కూడా లేదు. ఆయన ముందు మూడు ప్రశ్నలు ఉంటాయి. ఈ మనిషి మొదట ఎలా ఉన్నాడు, ఇప్పుడు దిగజారాడా? ఇప్పుడు కనిపిస్తున్న స్థితిలో గాయం వల్ల వచ్చింది ఎంత, ఇచ్చిన మందుల వల్ల వచ్చింది ఎంత? వెంటనే థియేటర్‌కి తీసుకెళ్లడానికి ఏమైనా అడ్డు ఉందా? లెటర్‌లో రాసే ప్రతి వాక్యం ఈ మూడింట్లో ఒకదానికైనా జవాబు చెప్పాలి. చేసిన చికిత్సల జాబితా మొదటి రెండు ప్రశ్నలకు జవాబు, పెండింగ్ పరీక్షల జాబితా మూడోదానికి.

ఒక ఊహాత్మక కేసు తీసుకుని చూద్దాం. 32 ఏళ్ల మనిషి, బరువు సుమారు 70 కిలోలు. రాత్రి 7:10కి హెల్మెట్ లేకుండా బైకు మీద నుంచి పడ్డాడు. 7:45కి ఏరియా ఆస్పత్రికి వచ్చాడు. కళ్లు పిలిస్తే తెరుస్తున్నాడు, మాటలు తికమకగా ఉన్నాయి, చెప్పిన పని చేస్తున్నాడు. బీపీ 96/60, నాడి 122, ఆక్సిజన్ 93 శాతం. ఎడమ తొడ ఎముక విరిగింది. నోటి దగ్గర మద్యం వాసన ఉంది. 8:15కి సీటీ తీశారు. టేబుల్ మీద నుంచి దించేసరికి మగతలోకి జారుకున్నాడు, కుడి కనుపాప పెద్దదైంది. స్కాన్‌లో కుడి కణత వైపు పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం గడ్డ, అంటే ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా. న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రి రెండు గంటల దూరంలో ఉంది.

ట్యూబ్ వేయకముందు చూసినది

ఈ లెటర్‌లో అన్నిటికంటే విలువైన వాక్యం, మొదటి ఆస్పత్రి తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యం, మత్తు ఇవ్వకముందు పేషెంట్ స్పృహ ఎలా ఉందన్నది. ఊపిరి గొట్టంలో ట్యూబ్ వేయడానికి మత్తూ కండరాలను స్తంభింపజేసే మందూ ఇస్తారు. ఆ తర్వాత కళ్లు తెరవడు, మాట్లాడడు, కాళ్లూ చేతులూ కదపడు. పెద్దాస్పత్రికి చేరేసరికి ఆయన్ని చూసిన డాక్టర్‌కి కనిపించేది కదలని మనిషి. మెదడు చచ్చుబడి కదలడం లేదా, మందు వల్ల కదలడం లేదా అన్నది పరీక్ష చేస్తే తేలదు, కాగితం చూస్తేనే తేలుతుంది.

స్పృహను కొలవడానికి 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు రూపొందించిన గ్లాస్గో కోమా స్కేల్‌నే ఇప్పటికీ వాడుతున్నారు. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు. మొత్తం 3 నుంచి 15 వరకు ఉంటుంది. 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైన తల గాయం కింద లెక్క. లెటర్లలో ఎక్కువగా మొత్తం మాత్రమే రాస్తారు: "జీసీఎస్ 9". అది చాలదు. కళ్లు 2, మాట 2, కదలిక 5 అయినా మొత్తం తొమ్మిదే. కళ్లు 4, మాట 1, కదలిక 4 అయినా తొమ్మిదే. రెండో మనిషి మాట్లాడలేకపోవడానికి కారణం దవడ విరగడం కావచ్చు, మెదడులో మాటల భాగం దెబ్బతినడం కావచ్చు. పేషెంట్ ఎటు పోతున్నాడో ఎక్కువగా చెప్పేది కదలిక మార్కు. అందుకే మూడూ విడివిడిగా, ప్రతిదాని పక్కనా టైముతో రాయాలి. ట్యూబ్ వేశాక మాట మార్కు ఇవ్వడం కుదరదు. అక్కడ 1 అని రాసేస్తే మనిషి మాట్లాడలేని స్థితికి చేరాడని అపార్థం వస్తుంది. ట్యూబ్ ఉందని సూచించే 'టి' రాయాలి.

మన కేసులో ఈ భాగం ఇలా ఉంటుంది: "7:50కి కళ్లు 3, మాట 4, కదలిక 6, మొత్తం 13. కనుపాపలు రెండూ 3 మిల్లీమీటర్లు, వెలుతురుకి స్పందిస్తున్నాయి. 8:25కి కళ్లు 2, మాట 2, కదలిక 5, మొత్తం 9. కుడి కనుపాప 5 మిల్లీమీటర్లు, మందకొడిగా స్పందిస్తోంది. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే తక్కువ కదులుతోంది. ఈ రెండూ మత్తు మందులు ఇవ్వకముందు చూసినవి."

చివరి వాక్యం చిన్నదే. కానీ అది లేకపోతే పైన రాసిన అంకెలన్నీ సందేహంలో పడతాయి. అరగంటలో 13 నుంచి 9కి పడిపోవడం, ఒక కనుపాప పెరగడం, దానికి ఎదుటి వైపు చెయ్యి బలహీనపడటం, ఈ మూడూ కలిస్తే గడ్డ మెదడును పక్కకీ కిందకీ నెడుతోందని అర్థం. ఆ మాట చదివిన న్యూరోసర్జన్ పేషెంట్ వచ్చాక ఆలోచించరు, రాకముందే థియేటర్ సిద్ధం చేయిస్తారు.

ఇక్కడే మద్యం వాసన సంగతి కూడా చెప్పుకోవాలి. "తాగి ఉన్నాడు" అన్న మాట లెటర్‌లో ముందు కనిపిస్తే, మగతకి కారణం అదేనని చదివేవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. వాసన ఉందని నమోదు చేయడం అవసరమే. దాని పక్కనే స్పృహ తగ్గుతూ పోయిన క్రమం కూడా ఉండాలి. మద్యం మత్తు గంటలు గడిచేకొద్దీ తగ్గాలి గానీ పెరగకూడదు, ఒక కనుపాపని మాత్రమే పెద్దది చేయదు.

ఇచ్చిన మందు, ఇచ్చిన టైము, వచ్చిన ఫలితం

దెబ్బ తగిలిన క్షణంలో మెదడుకి జరిగిన నష్టాన్ని ఎవరూ వెనక్కి తీసుకురాలేరు. ఆ తర్వాత ఆక్సిజన్ తగ్గడం వల్ల, బీపీ పడిపోవడం వల్ల జరిగే రెండో దెబ్బని మాత్రం ఆపవచ్చు. తీవ్రమైన తల గాయంలో పై బీపీ ఒక్కసారి 90 కంటే కిందకి పడినా చనిపోయే ప్రమాదం బాగా పెరుగుతుందని 1990ల నుంచే తెలుసు. ఇప్పుడు పాటిస్తున్న అమెరికా బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో అది 110కి తగ్గకూడదు. ఏరియా ఆస్పత్రిలో స్థిరపరచడం అంటే ముఖ్యంగా ఇదే.

మన పేషెంట్‌కి వచ్చేసరికే బీపీ 96. పెద్దవాళ్లలో తల గాయం ఒక్కటే బీపీని ఇలా పడగొట్టడం అరుదు, రక్తం ఇంకెక్కడో పోతోందని వెతకాలి. ఇక్కడ తొడ ఎముక కనిపిస్తూనే ఉంది. లోపల కూడా రక్తస్రావం ఉందేమోనని పొట్టకి అల్ట్రాసౌండ్ చేశారు. ఇవన్నీ లెటర్‌లో కారణంతో సహా రావాలి: "7:50కి బీపీ 96/60, తొడ ఎముక విరగడం వల్ల అనుకుంటున్నాం. కాలికి స్ప్లింట్ కట్టాం. నార్మల్ సెలైన్ లీటరు ఎక్కించాం. 8:20కి 118/74. ఆ తర్వాత 110 కంటే తగ్గలేదు. 8:00కి పొట్ట అల్ట్రాసౌండ్‌లో రక్తం కనిపించలేదు." బీపీ ఎంతసేపు తక్కువగా ఉందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ సెలైన్ ఇచ్చారో పేరు రాయడం అలవాటుగా ఉండాలి. డెక్స్‌ట్రోజ్ కలిసిన సెలైన్లు మెదడు వాపుని పెంచుతాయి కాబట్టి చక్కెర పడిపోతే తప్ప ఇలాంటి కేసులో వాడరు. అందుకోసం షుగర్ ఎంత ఉందో కూడా ఒక అంకె ఉండాలి.

మెదడులో ఒత్తిడి తగ్గించడానికి ఇచ్చే మానిటాల్ దగ్గర లెటర్లు ఎక్కువగా తడబడతాయి. "మానిటాల్ ఇచ్చాం" అని రాస్తే ఎంత ఇచ్చారో తెలియదు. కిలోకి ఒక గ్రాము చొప్పున 70 కిలోల మనిషికి 70 గ్రాములు కావాలి. 20 శాతం ద్రావణంలో అది 350 మిల్లీలీటర్లు. వంద మిల్లీలీటర్ల బాటిల్ ఒకటి ఎక్కించి "ఇచ్చాం" అనుకుంటే పడింది 20 గ్రాములే. పెద్దాస్పత్రిలో కనుపాప ఇంకా పెద్దగానే ఉంటే పూర్తి మోతాదుకి కూడా లొంగలేదనుకోవాలా, మోతాదు చాలలేదనుకోవాలా అన్నది ఈ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. మన కేసులో: "బీపీ నిలబడ్డాక 8:40 నుంచి 9:00 వరకు 20 శాతం మానిటాల్ 350 మిల్లీలీటర్లు. 9:05కి కుడి కనుపాప 4 మిల్లీమీటర్లు, స్పందిస్తోంది." మానిటాల్ వల్ల కనుపాప కాస్త చిన్నదైందంటే ఆపరేషన్ అవసరం తప్పినట్టు కాదు. కొన్ని గంటల వ్యవధి దొరికిందంతే, గడ్డ అక్కడే ఉంది.

ఇంకో చిక్కుంది. మానిటాల్ మూత్రాన్ని బలవంతంగా బయటికి పంపుతుంది. మామూలుగా మూత్రం బాగా వస్తోందంటే శరీరంలో రక్తప్రసరణ బాగుందని డాక్టర్లు ధైర్యపడతారు. మానిటాల్ ఇచ్చిన మనిషిలో ఆ సూచనకి విలువ పోతుంది. తొడలో రక్తం పోతూ లోపల ఎండిపోతున్నా యూరిన్ సంచీ నిండుతూనే ఉంటుంది. లెటర్‌లో మానిటాల్ టైము లేకపోతే, రాత్రి పదకొండింటికి నిండిన సంచీ చూసి ఎవరైనా తేలిగ్గా మోసపోతారు. పైపు వేసినప్పుడు ఎంత వచ్చిందో, బయల్దేరేటప్పుడు ఎంత ఉందో రెండూ రాస్తే ఈ గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ విషయంలో టైముకి ఇంకో రకమైన విలువ. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తేనే దానివల్ల లాభం. మొదట గ్రాము పది నిమిషాల్లో, తర్వాత ఇంకో గ్రాము ఎనిమిది గంటలపాటు మెల్లగా ఎక్కాలి. మొదటి గ్రాము 8:00కి, రెండోది 8:20కి మొదలైతే అది తెల్లవారుజామున 4:20 దాకా నడుస్తుంది. అంటే పేషెంట్ చేరేటప్పటికి కూడా అది ఎక్కుతూనే ఉంటుంది. "ఇచ్చాం" అని రాస్తే అక్కడివాళ్లు పాత బాటిల్ తీసేసి కొత్తగా తమ ఫ్లూయిడ్ పెడతారు. "నడుస్తోంది, 4:20కి పూర్తవుతుంది" అని రాస్తేనే అది కొనసాగుతుంది.

స్టెరాయిడ్ సంగతి కూడా తేల్చి రాయాలి. తల గాయానికి డెక్సామెథాసోన్ ఇచ్చే పాత అలవాటు ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. పదివేల మందికి పైగా పేషెంట్ల మీద జరిగిన క్రాష్ అధ్యయనం 2004లో ఇలాంటి గాయాల్లో స్టెరాయిడ్ ఇస్తే మరణాలు పెరుగుతాయని తేల్చింది. ఎవరైనా ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా రాయడం పేషెంట్‌కి మంచిది. ఇవ్వకపోతే "స్టెరాయిడ్ ఇవ్వలేదు" అన్న రెండు ముక్కలు చాలు.

మత్తు మందుల్లో ఆఖరి డోసు ఎప్పుడన్నదే అసలు విషయం. 8:35కి ట్యూబ్ వేయడానికి ఇచ్చిన కండరాల మందు రోకురోనియం ప్రభావం సుమారు గంట ఉంటుంది. దారిలో దగ్గకుండా, ట్యూబ్ ఊడకుండా ఇంకో డోసు ఇవ్వాల్సి రావచ్చు. అందుకే లెటర్ కింద అంబులెన్స్‌లో ఉన్న డాక్టర్ గానీ టెక్నీషియన్ గానీ నింపడానికి ఖాళీ గడులు ఉండాలి: టైము, బీపీ, ఆక్సిజన్, కనుపాపలు, ఇచ్చిన మందు. 10:30కి కండరాల మందు పడిందని అక్కడ రాసి ఉంటే, 11:00కి చేయి గిల్లినా కదలకపోవడాన్ని చూసి ఎవరూ ఆశ వదులుకోరు. ఈ మందులు కనుపాపల స్పందనని ఆపవు కాబట్టి దారి పొడవునా నమ్మదగిన గుర్తు అదొక్కటే. పదిహేను నిమిషాలకోసారి టార్చ్ వేసి చూసి రాస్తే, న్యూరోసర్జన్‌కి ఆ రెండు గంటలూ చీకట్లో ఉండవు.

పెండింగ్ అంటే మూడు రకాలు

రిఫరల్ లెటర్లలో "పెండింగ్" అనే మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతాయి. శాంపిల్ పంపి రిపోర్టు రానివి ఒకటి. పరీక్ష జరిగి, సరైన నిపుణుడు ఇంకా చూడనివి ఇంకొకటి. అసలు చేయనివి మూడోది. వీటికి పెద్దాస్పత్రిలో చేయాల్సిన పనులు వేరు.

రక్తం గడ్డకట్టే పరీక్ష, అంటే పీటీ ఐఎన్ఆర్, మొదటి రకం. శాంపిల్ 8:00కి వెళ్లింది, రిపోర్టు రాలేదు. ఇక్కడ "ఐఎన్ఆర్ పెండింగ్" అని వదిలేస్తే ఆ రిపోర్టు ఏరియా ఆస్పత్రి ల్యాబ్ ట్రేలోనే పడి ఉంటుంది. పేషెంట్ వెళ్లిపోయాడు కాబట్టి దాన్ని అడిగేవాళ్లుండరు. రాయాల్సింది: "రిపోర్టు రాగానే డ్యూటీ డాక్టర్ ఫోన్ చేసి చెబుతారు, ల్యాబ్ నంబర్ ఇది. దాని కోసం ఆపరేషన్ ఆపకుండా మీ దగ్గర వెంటనే మళ్లీ తీయండి." దీనితో పాటు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రక్తం పల్చబడే మందులు వాడుతున్నాడా? గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు అసిట్రోమ్, స్టెంట్ వేయించుకున్నవాళ్లు క్లోపిడోగ్రెల్ వాడుతుంటారు. ఇంటివాళ్లకి మందు పేరు తెలియకపోవచ్చు. "ఏ మందులూ లేవు" అని రాయడానికీ "వెంట వచ్చిన స్నేహితుడికి తెలియదు, ఇంటివాళ్లు ఇంకా రాలేదు" అని రాయడానికీ చాలా తేడా ఉంది. రెండోది నిజమైతే రెండోదే రాయాలి.

మెడ స్కాన్ రెండో రకం. తలతో పాటు మెడకి కూడా సీటీ తీశారు, రేడియాలజిస్ట్ రిపోర్టు ఇవ్వలేదు. క్యాజువాలిటీ డాక్టర్ కంటికి ఏమీ కనిపించలేదు. ఇక్కడ "మెడ నార్మల్" అని రాస్తే అక్కడ ఎవరో కాలర్ తీసేస్తారు, ఆపరేషన్ టేబుల్ మీద తల పక్కకి తిప్పుతారు. మెడ ఎముక నిజంగా విరిగి ఉంటే ఆ మనిషికి కాళ్లూ చేతులూ పోవచ్చు. "మెడ సీటీ తీశాం, రేడియాలజిస్ట్ చూడలేదు, మెడ గాయం లేదని తేల్చలేదు, కాలర్ ఉంచండి" అని పూర్తిగా రాయాలి. తల స్కాన్ విషయంలో కూడా మాటలకంటే కొలతలు మేలు. గడ్డ 5.5 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 4 ఎత్తు ఉంటే మూడూ గుణించి రెండుతో భాగిస్తే సుమారు 44 మిల్లీలీటర్లు. ఎక్స్‌ట్రాడ్యూరల్ గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే స్పృహ ఎలా ఉన్నా ఆపరేషన్ చేయాలన్నది అందరూ పాటించే హద్దు. "పెద్ద గడ్డ" అని రాస్తే ఈ నిర్ణయం రెండు గంటలు వాయిదా పడుతుంది. స్కాన్ ఫొటోలు వాట్సాప్‌లో ముందే వెళ్లినా, మొత్తం సీడీ పేషెంట్‌తో పాటు వెళ్లాలి. ఫోన్‌లో వచ్చిన నాలుగు ఫొటోల్లో లేనిది సీడీలో ఉండొచ్చు.

పొట్ట అల్ట్రాసౌండ్‌ని చేసిన పరీక్షల్లో వేయాలా, పెండింగ్‌లో వేయాలా? రెండింట్లోనూ వేయాలి. దెబ్బ తగిలిన గంటలోపు చేసిన అల్ట్రాసౌండ్‌లో కనిపించని రక్తం తర్వాత కనిపించవచ్చు. హిమోగ్లోబిన్ కూడా అంతే. రక్తం పోతున్న తొలి గంటలో అది దాదాపు మామూలుగానే ఉంటుంది. "రెండూ చేరగానే మళ్లీ చేయండి" అన్న ఒక్క వాక్యం చాలు. బ్లడ్ గ్రూప్ ఇక్కడ చూసినా అక్కడ రక్తం ఎక్కించే ముందు తమ శాంపిల్‌తో మళ్లీ క్రాస్ మ్యాచ్ చేస్తారు. కాబట్టి దాని కోసం పది నిమిషాలు కూడా ఆగనక్కర్లేదు.

అసలు ఏ పెండింగ్ పరీక్ష కోసమూ ప్రయాణం ఆగకూడదు. తొడ ఎముక ఎక్స్‌రే, వైరల్ పరీక్షలు, ఛాతీ సీటీ ఇవన్నీ చేయనివాటి కింద నిజాయతీగా రాసి పంపవచ్చు. ఏరియా ఆస్పత్రి డాక్టర్లు కొందరు ఏదైనా వదిలేస్తే తర్వాత మాట పడాల్సి వస్తుందన్న టెన్షన్‌తో అన్ని పరీక్షలూ పూర్తి చేయాలని చూస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ రెండు గంటల దూరంలో ఉన్న ఆస్పత్రిలో చికిత్సని మార్చే పరీక్ష ఏదో, ఇక్కడ బయల్దేరే టైముని మాత్రమే మార్చే పరీక్ష ఏదో విడదీసుకోవాలి. పోలీసు కాగితాలకీ ఇదే వర్తిస్తుంది. మెడికో లీగల్ కేసు నంబరు, స్టేషన్‌కి సమాచారం ఇచ్చిన టైము లెటర్‌లో ఉండాలి. కానిస్టేబుల్ వచ్చేదాకా పేషెంట్‌ని ఆపనక్కర్లేదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి చికిత్స ముందు, లాంఛనాలు తర్వాత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

లెటర్ కంటే ముందు ఫోన్

ఎంత మంచి లెటరైనా పేషెంట్‌తో పాటే చేరుతుంది. థియేటర్ తయారవడానికి, వెంటిలేటర్ బెడ్ ఖాళీ చేయడానికి టైము కావాలంటే ముందే ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఎవరితో మాట్లాడారు, ఎన్నింటికి, వాళ్లు ఏమన్నారు అన్నది లెటర్ మొదటి వరుసలోనే రావాలి: "8:30కి న్యూరోసర్జరీ డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడాం, స్కాన్ చూశారు, తీసుకుంటామన్నారు, వెంటిలేటర్ బెడ్ ఉందన్నారు." ఈ వరుస లేని కాగితంతో వచ్చిన పేషెంట్‌ని బెడ్ లేదని ఇంకో ఆస్పత్రికి పంపడం సులువు. ఇంటివాళ్లు అర్ధరాత్రి ఆస్పత్రులు మారుతూ తిరగడం చాలావరకు ఇలాగే మొదలవుతుంది.

దారిలో కనుపాప మళ్లీ పెరిగితే ఏం చేయాలో కూడా ఆ ఫోన్‌లోనే అడిగి లెటర్‌లో రాయాలి. ఉదాహరణకి తల వైపు 30 డిగ్రీలు ఎత్తు ఉందా, ట్యూబ్ సరిగ్గా ఉందా చూసుకోవడం, 3 శాతం సెలైన్ ఎంత ఇవ్వాలి, కొద్దిసేపు ఊపిరి వేగం పెంచవచ్చా అన్నవి. ఊపిరి వేగంగా ఇవ్వడం వల్ల మెదడు రక్తనాళాలు కుంచించుకుని ఒత్తిడి తగ్గుతుంది. దాంతో పాటు రక్తప్రసరణ కూడా తగ్గుతుంది కాబట్టి ఆ పద్ధతి కొన్ని నిమిషాలకే. అంబులెన్స్‌లో కంగారులో బ్యాగ్‌ని గబగబా నొక్కుతూ రెండు గంటలు ప్రయాణం చేస్తే మేలుకి బదులు కీడు జరుగుతుంది. "నిమిషానికి 14 సార్లు, అంతకంటే వేగం వద్దు, కనుపాప పెరిగితేనే పెంచండి" అని అంకెతో రాయడం అందుకే.

సీటీ స్కాన్ లేని ఆస్పత్రుల్లో ఈ లెటర్ ఇంకొంచెం వేరుగా ఉంటుంది. అక్కడ పెండింగ్ జాబితాలో మొదటి వరుస తల సీటీయే. దాన్ని సిగ్గుపడాల్సిన లోటుగా చూడాల్సిన పనిలేదు. స్పృహ పడిపోతున్న క్రమం, ఒక కనుపాప పెరగడం, ఎదుటి వైపు బలహీనత అన్న మూడు గుర్తులు స్కాన్ లేకుండానే న్యూరోసర్జన్‌ని కదిలించడానికి సరిపోతాయి. మధ్యలో ఏదో ఊళ్లో ప్రైవేటు స్కాన్ సెంటర్ దగ్గర ఆగి ఫిల్మ్ తీయించుకుని వెళ్లమని ఇంటివాళ్లకి చెప్పడం మాత్రం పెద్ద పొరపాటు. అక్కడ ట్యూబ్ చూసేవాళ్లుండరు, బీపీ పడితే పట్టించుకునేవాళ్లుండరు, ఒక్కోసారి గంట పోతుంది. "సీటీ చేయలేదు, దారిలో ఎక్కడా ఆగవద్దని అంబులెన్స్ సిబ్బందికీ ఇంటివాళ్లకీ చెప్పాం, చేరగానే తలకీ మెడకీ కలిపి తీయండి" అని రాసి, ఆ మాట ఫోన్‌లో కూడా చెబితే అక్కడ స్కాన్ గది ముందే ఖాళీ చేసి ఉంచుతారు.